పాపం, తీరిక లేనివారు

గత నవంబరులో మా నలుగురికీ కెమిస్ట్రీ లాబ్‌లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఎవరి ఊరి నూతినీళ్లు వాళ్లు సీసాలో తేవాలి, ఇ.డి.టి.ఏ. ద్రావణంతో వాటి కఠినత్వం కట్టాలి. నీళ్లు తెచ్చి ఇచ్చానో లేదో, తుపాను కబురు వచ్చింది. "కోసిన పనలింకా మళ్లోనే ఉన్నాయి, బేగి వచ్చీరా" అని నాన్న ఫోను చేశాడు. నాగావళి పక్కనున్న మా ఊరెళ్లి, మూడు రోజులు కుప్పలేసి, తిరుగు బస్సెక్కాను.

బస్సులో కూర్చుని మా నలుగురి వాట్సాప్ గ్రూపులో అడిగాను: "మా ఊరి నీళ్ల రీడింగ్ ఎంతొచ్చిందిరా?" లాబ్‌లో నా పక్కన నిలబడే మిత్రుడి నుంచి జవాబొచ్చింది: "రీడింగులు సోమవారమే పెట్టాను కదండీ. పొలం పనుల్లో ఉన్నవారికి తీరిక ఉండదు పాపం. మేం ఖాళీయే కదా, చూసుకుంటాంలెండి."

ఇందులో ఒక్క తిట్టు లేదు. అయినా నా చెవులు వేడెక్కాయి. ఎందుకా అని మళ్లీ చదివాను. రోజూ "ఒరే" అనేవాడు "అండీ" అన్నాడు. మన భాషలో దగ్గరివాడికి హఠాత్తుగా గౌరవం పెరిగిందంటే ఏదో తేడా వచ్చినట్టే. "పొలం పనుల్లో ఉన్నవారు" అని బహువచనం వాడాడు గాని, నలుగురిలో అలాంటివాణ్ని నేనొక్కణ్నే. ఇక "పాపం" జాలి మాట, "మేం ఖాళీయే" వినయం మాట. పైకి పొగడ్తగా ఉండి లోపల నిందించేదాన్ని మన అలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. మా నాయనమ్మయితే దెప్పిపొడుపు అంటుంది.

ఒకవేళ తప్పు నా చెవిదేమో? టైట్రేషన్‌లో అసలు నమూనా లేకుండా ఒకసారి బ్లాంక్ తీసి పోల్చుకుంటాం కదా, అలాగే వాడి పాత మెసేజీలు చూశాను. నెల క్రితం ఇంకొకడు ఇలాంటి ప్రశ్నే అడిగితే "ఒరే, పైన చూడరా" అని ఊరుకున్నాడు. కాబట్టి ఈ "అండీ" వాడి అలవాటు కాదు.

వెంటనే నేనూ టైపు చేశాను: "తమరంత తీరిక మాకెక్కడిదండీ, మట్టి పిసుక్కునేవాళ్లం." పంపబోయి ఆగాను. పంపితే మిగతా ఇద్దరూ ఏదో ఒక పక్క చేరాలి. పైగా వాడు "నేనేటన్నాను? పాపం అన్నాను, అంతేగా" అనేస్తే నా దగ్గర సమాధానం లేదు. ఇలాంటి మాటకి బలమంతా అక్కడే ఉంది. నిలదీస్తే జారిపోతుంది. చెరిపేశాను.

పోనీ, మాట్లాడకుండా ఊరుకుందామా? ఆ వాక్యాల్లోంచి "అండీ", "పాపం", "ఖాళీయే" తీసేసి చూశాను. రెండు సంగతులు మిగిలాయి: రీడింగులు సోమవారం పెట్టాడు, నా వంతు పని వాళ్ల మీద పడింది. ఏమీ మిగలకపోతే ఊరుకోవచ్చు. ఇక్కడ మిగిలినవి రెండూ నిజాలు. పైకి వెళ్లి వెతికితే, ఎవరిదో పుట్టినరోజు ఫొటోల కింద రీడింగులున్నాయి. ఊరుకుంటే పని ఎగ్గొట్టినవాణ్నే అవుతాను.

అందుకని గ్రూపులో ఆ రెండింటికే జవాబిచ్చాను: "నిజమేరా, సోమవారమే పెట్టావు, నేను చూడలేదు. మావి 20 మిల్లీలీటర్లకి 8.4 పట్టింది, అంటే లీటరుకి 420 మిల్లీగ్రాములు. మా ఇంట్లో పప్పెందుకు ఉడకదో తెలిసింది. మిగతా మూడు ఊళ్ల లెక్కలూ ఈ రాత్రి నేనే కట్టి పెడతాను." వాడి "అండీ"కి నేను "అండీ" కలపలేదు. "రా" అనే రాశాను.

మిగిలిన ముల్లు సంగతి నలుగురిలో తేలేది కాదు. మర్నాడు టీకొట్టు దగ్గర వాడొక్కడే ఉన్నప్పుడు అడిగాను, "కోపమొచ్చిందేటిరా?"

"ఏటీ లేదే" అన్నాడు.

"అలాగెందుకు రాసావు?" అని గుచ్చలేదు. టీ తాగుతూ నిలబడ్డాను. కాసేపటికి వాడే అన్నాడు: "మూడ్రోజులు బ్యూరెట్ నానొక్కణ్నే పట్టాను. ఎల్తన్నానని ఓ మాట సెప్పావేటి? సారడిగితే ఏటి సెప్పాలో తెలీక బుర్ర దించుకున్నాను."

నాకు మాట రాలేదు. రూములో ఉన్నవాడికి చెప్పాను గాని, వీడికి చెప్పలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు, సారు ముందు పడ్డ సిగ్గంతా ఆ "పాపం"లో పోశాడు.

"అది నాదే తప్పు" అన్నాను. "కానీ నా మీద కోపముంటే నన్ననరా. పొలాన్ని లాక్కు. మా నాయినకి అది తీరిక లేక సేసే పని కాదు."

వాడేమీ అనలేదు. టీ డబ్బులు మాత్రం వాడే ఇచ్చాడు.

అదే మాట ఒక పెద్దాయనో, మార్కులు వేసే మనిషో రాసి ఉంటే టీకొట్టు దగ్గర నిలబెట్టి అడగగలిగేవాణ్ని కాదు. పని సంగతికి జవాబిచ్చి, ముల్లుని మింగి ఉండేవాణ్ని. ఇక్కడ తోటివాడు కాబట్టి అడగ్గలిగాను. ఆ రాత్రి గ్రూపులో వాడి మెసేజి వచ్చింది: "ఒరే, మూడో ఊరి లెక్క తప్పు, సరిగ్గా చూడరా."

చూశాను. తప్పే. దిద్దాను.