ఫ్లాగ్‌లో టార్గెట్ కన్నా స్టాప్ ముందు

బుల్ ఫ్లాగ్ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా టార్గెట్‌తో మొదలుపెడతారు. పోల్ ఎంత పొడవుంటే బ్రేకవుట్ తర్వాత ధర మళ్లీ అంత పెరుగుతుందంటారు. నా డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ లెక్కను నేను చివరికి నెడతాను. ధర ఎంతదాకా వెళ్తుందో ఈ ప్యాటర్న్‌కు తెలియదు. మన అంచనా ఏ ధర దగ్గర తప్పవుతుందో మాత్రం బాగా చెబుతుంది. ఆ ధర కొనే ధరకు దగ్గర్లోనే ఉండటం వల్లే ఫ్లాగ్ పనికొస్తుంది.

లెక్క కోసం ఒక షేరు ఊహించుకుందాం. ఏడు సెషన్లలో భారీ వాల్యూమ్‌తో 400 నుంచి 480కి పెరిగింది. ఇదే పోల్, పొడవు 80 రూపాయలు. తర్వాత ఎనిమిది సెషన్లు రెండు సమాంతర గీతల మధ్య మెల్లగా జారి 452ను తాకింది. వాల్యూమ్ రోజురోజుకూ సన్నగిల్లింది. పెరిగిన 80లో 28 రూపాయలే, అంటే మూడో వంతుకు కాస్త ఎక్కువే వదులుకుంది. ముందే కొన్నవాళ్లు తొందరపడి అమ్మడం లేదని దీన్నిబట్టి అనుకోవచ్చు. సగానికి మించి జారినా, దిగేటప్పుడు వాల్యూమ్ పెరిగినా నేను దాన్ని ఫ్లాగ్ అనను. 1948లో వచ్చిన తమ పుస్తకంలో రాబర్ట్ ఎడ్వర్డ్స్, జాన్ మగీ కాలానికీ హద్దు పెట్టారు: మూడు వారాలు దాటితే అనుమానించాలన్నారు. ఈ ప్యాటర్న్ జరిగిపోయాకే కనిపిస్తుందని వెక్కిరించేవారికి నా జవాబు కూడా ఈ హద్దులే. వాటిని కొనకముందే రాసిపెట్టుకుంటే, తర్వాత చార్టు చూసి కథ అల్లుకునే వీలు తగ్గుతుంది.

పై గీత ఇప్పుడు 466 దగ్గర ఉంది. షేరు వాల్యూమ్‌తో 470 వద్ద ముగిసింది. మధ్యాహ్నం గీత దాటి, ముగింపుకల్లా లోపలికి వచ్చేసే ధరలు చాలా ఉంటాయి కాబట్టి నేను క్లోజింగ్ కోసమే ఆగుతాను. కొనుగోలు 470 దగ్గర, స్టాప్ ఫ్లాగ్ అడుగుకు కాస్త కింద 449 దగ్గర. రిస్క్ షేరుకు 21 రూపాయలు. టార్గెట్‌కు పోల్ పొడవును బ్రేకవుట్ గీత నుంచి కొలిస్తే 546, ఫ్లాగ్ అడుగు నుంచి కొలిస్తే 532 వస్తుంది. తక్కువదే తీసుకుంటాను. 21 పణంగా పెట్టి 62 కోసం చూస్తున్నాం కనుక, ఖర్చులు పక్కన పెడితే నాలుగింట ఒకటి నెగ్గినా నష్టం దాదాపు ఉండదు. అదే షేరును ఊరంతా మాట్లాడుకునే వేళ 490 దగ్గర కొంటే రిస్క్ 41, ఆశ 42. ఇక సగం ట్రేడ్లు నెగ్గాలి. చార్టు మారలేదు, టార్గెట్ మారలేదు; మారింది స్టాప్‌కు ఉన్న దూరమే.

అంత దగ్గరి స్టాప్ అయితే మామూలు ఊగిసలాటకే తగులుతుందిగా అనే అభ్యంతరం సరైనదే. అందుకే బ్రేకవుట్ క్యాండిల్ అడుగున 463 దగ్గర పెట్టమనే సలహా నాకు నచ్చదు. రోజుకు 12 రూపాయలు ఊగే షేరుకు 7 రూపాయల స్టాప్ నిలవదు. పెన్నెంట్‌లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. గీతలు దగ్గరపడతాయి కాబట్టి చివరి అడుగు 461కి చేరి, స్టాప్‌ను 459కి జరపమని ఊరిస్తుంది. 11 రూపాయల ఆ దూరం ఒక రోజు ఊపుకన్నా తక్కువ. అలాంటప్పుడు పెన్నెంట్ మొదటి అడుగు కిందే స్టాప్ ఉంచి, షేర్ల సంఖ్య తగ్గించుకోవడం మేలు. రెండు లక్షల పెట్టుబడిలో ఒక ట్రేడ్‌కు 2,000 రూపాయలే పోగొట్టుకోదలిస్తే, 21 రూపాయల రిస్క్‌తో 95 షేర్లు. ఎక్కువ కొనాలని స్టాప్‌ను పైకి జరిపితే లెక్క తలకిందులవుతుంది.

స్టాప్ ఆర్డర్ పెట్టినంత మాత్రాన 449కే అమ్ముడవుతుందన్న హామీ లేదన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. చెడ్డ త్రైమాసిక ఫలితాల మర్నాడు షేరు 430 దగ్గర తెరుచుకుంటే నష్టం 21 కాదు, 40. దీనికి చార్టులో మందు లేదు. ఫలితాలు రెండు మూడు రోజుల్లో ఉంటే ఎంత చక్కటి ఫ్లాగయినా వదిలేస్తాను. 532కు ముందే 500 దగ్గర పాత అడ్డంకి ఉన్నా వదిలేస్తాను. ఎందుకంటే అప్పుడు నిజమైన ఆశ 30 రూపాయలే.

కొన్నాక కూడా 449 కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. బ్రేకవుట్ నిజమైతే కొద్ది సెషన్లలో పోల్ కొస 480ని దాటాలి. అది దాటకుండా ధర పై గీత కిందికి వచ్చి ముగిస్తే, ఆ గీత అప్పటికి 464 దగ్గర ఉందనుకుంటే, మర్నాడు అక్కడికక్కడే అమ్మేస్తాను. పోయేది దాదాపు 8 రూపాయలు, ఖర్చులు అదనం.