చెవిలో తుమ్మెద

మా నాయనమ్మకు తన డెబ్బయ్యో ఏట చెవుడు వచ్చింది. నిడమనూరులో మా వీధివాళ్ళంతా అందుకు ఒకే కారణం చెప్పేవాళ్ళు. చిన్నతనంలో చలిజ్వరం వచ్చినప్పుడు ఆవిడ మింగిన కునైను గోళీలే చెవులు తినేశాయట. నైజాం రోజుల్లో ఉర్దూ నుంచి వచ్చిన ఆ 'కునైను' మాట ఆవిడ నోట చివరిదాకా అట్లాగే వుండిపోయింది. క్వినైన్ అంటే ఆవిడకు తెలియదు.

1998లో, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, భద్రాచలం అవతల ఒక స్నేహితుడి ఇంట్లో పది రోజులు వుండి వచ్చాను. వచ్చిన వారానికి జ్వరం పట్టుకున్నది. నాలుగు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకమని కొట్టుకునేవి. మామూలుగా ఇచ్చే క్లోరోక్విన్‌కు లొంగలేదు. పట్నంలో రక్తం పరీక్ష చేయిస్తే ఫాల్సిపారం జాతి మలేరియా అని తేలింది. మలేరియాల్లో ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా అదే. డాక్టరుగారు క్వినైన్ మాత్రలు రాశారు. ఒక్కొక్కటి 300 మిల్లీగ్రాములు, పూటకు రెండు, రోజుకు మూడు పూటలు, ఏడు రోజులు. వెరసి నలభై రెండు మాత్రలు.

రెండో రోజు మధ్యాహ్నానికి నా చెవుల్లో తుమ్మెద దూరింది. మొదట బయట ఎక్కడో పిండిమర ఆడుతున్నదనుకున్నాను. రాత్రి ఊరంతా నిద్రపోయినా ఆ మర ఆగలేదు. గోడ గడియారం టిక్కుటిక్కు వినిపించడం మానేసింది. చెల్లెలి కాళ్ళ పట్టీలు కదలడం కనిపిస్తున్నదే గాని చప్పుడు లేదు. నా గుండె జారిపోయింది. పక్క మంచం మీద చెవుడుతో నాయనమ్మ ఉండనే వున్నది. నా భవిష్యత్తు నాకు కళ్ళెదుటే కనిపించింది!

ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిచి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది.

"చెవులు జుమ్మంటున్నయా బిడ్డా? అయితే మందు పట్టింది. మా కాలంల కంపౌండరు గట్లనే చెప్పేటోడు. జుమ్మనేదాంక మింగుమనేటోడు."

"మరి నీ చెవుడు, నాయనమ్మా?"

"ఇది ముసలితనంది బిడ్డా. కునైనుది రెండు మూడు దినాలల్ల పోయింది."

నేను నమ్మలేదు. నాలుగో రోజు పొద్దుటికి జ్వరం పూర్తిగా విడిచింది. మందు పట్టింది కదా, ఇంకా ఎందుకు మింగి చెవులు పోగొట్టుకోవాలి అనుకున్నాను. మిగిలిన ఇరవై నాలుగు మాత్రలను పుస్తకాల సంచీ అడుగున దాచేశాను. రెండు రోజులకు తుమ్మెద వెళ్ళిపోయింది. నా తెలివితేటలకు నేనే మెచ్చుకున్నాను. సరిగ్గా పదహారో రోజున మళ్ళీ వణుకు వచ్చింది.

ఈసారి డాక్టరుగారు జ్వరం సంగతి అడగలేదు. "మాత్రలు ఎన్ని మిగిలాయి?" అని అడిగారు. మా నాన్న నా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. మళ్ళీ నలభై రెండు మాత్రలు. మళ్ళీ తుమ్మెద. ఈసారి నాయనమ్మ పూట పూటకూ ఎదురుగా కూర్చుని, మింగినదాకా కదలలేదు.

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఇంతకుమించి ఈ విషయంతో పని వుండకూడదు. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పురుగును చంపే మందు చెవిని ఎందుకు పట్టుకోవాలి? చెవి మోగితే పురుగు చచ్చినట్టేనా? మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడొకరు ఓపికగా బోధించారు. తరవాత నేనూ కొంత చదువుకున్నాను.

కథ మన సికిందరాబాదులోనే మొదలవుతుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడ సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఒక దోమ పొట్టను కోసి చూశాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించిన దోమ అది. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టజెప్పాడు. దోమ పొట్ట గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. అవి దోమవి కావని రాస్‌కు ఎట్లా తెలిసింది? వాటిలో నల్లని రేణువులు వున్నాయి. అచ్చం అటువంటి రేణువులే మలేరియా రోగుల రక్తంలోనూ కనబడేవి. ఆ నలుపే పురుగు ఆనవాలు. ఆ నల్ల రేణువులోనే క్వినైన్ రహస్యం కూడా వున్నది.

మలేరియా పురుగు మన ఎర్ర రక్తకణంలో దూరి కాపురం పెడుతుంది. ఆ కణం నిండా హిమోగ్లోబిన్ అనే ప్రొటీను వుంటుంది. పందికొక్కు ధాన్యపు గాదెలో పడ్డట్టు ఈ పురుగు అందులో నూటికి 60 నుంచి 80 పాళ్ళు తినేస్తుంది. ప్రొటీను దానికి ఆహారమే. కాని ప్రతి హిమోగ్లోబిన్‌లోనూ ఇనుమున్న నాలుగు ముక్కలు వున్నాయి. వాటి పేరు హీమ్. ప్రొటీను మడతల్లో వున్నంతసేపూ హీమ్ కుంపటిలో నిప్పులాగా బుద్ధిగా పనిచేస్తుంది. ప్రొటీను తినేస్తే కుంపటి పగిలి నిప్పు నేల మీద పడుతుంది. విడిపడ్డ హీమ్ పురుగు పొరలనే కాల్చి తూట్లు పొడుస్తుంది.

మన ఒంట్లోనైతే హీమ్‌ను విరగ్గొట్టే ఎంజైము వున్నది. పురుగుకు ఆ సౌకర్యం లేదు. అందుకని అది మరొక ఉపాయం పన్నింది. తన ఆహారపు సంచీలో, పులుపెక్కిన ఆ నీటిలో, హీమ్ ముక్కలను రెండేసి జతలుగా కలిపి, ఆ జతలను వరసగా పేర్చి, గట్టి స్ఫటికాలుగా మార్చేస్తుంది. స్ఫటికంలో చిక్కిన హీమ్ ఎవరినీ కాల్చదు. రాస్ చూసిన నల్ల రేణువులు ఇవే. హీమోజోయిన్ అని వీటికి పేరు.

ఇక్కడ క్వినైన్ వచ్చి అడ్డుపడుతుంది. అది క్షార గుణం కలిగిన మందు. పురుగు ఆహారపు సంచీ ఆమ్లం కనుక, లోపలికి వెళ్ళిన మందుకు విద్యుదావేశం వచ్చి తిరిగి బయటికి రాలేక అక్కడే చిక్కుకుని పోగవుతుంది. హీమ్‌కు అతుక్కుని, స్ఫటికం పెరగకుండా చేస్తుంది. మా నాయనమ్మ పాకం పట్టేటప్పుడు చివర నాలుగు చుక్కల నిమ్మరసం పిండేది. పిండకపోతే పాకం పలుకులు కడుతుందనేది. అక్కడి రసాయనం వేరే గాని, ఫలితం అటువంటిదే: పేర్పు కుదరదు, పలుకు కట్టదు. దాచుకోలేని నిప్పుతో పురుగు తన ఇంట్లోనే కాలి చస్తుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. క్లోరోక్విన్ విషయంలో ఇది బాగా రుజువయింది. క్వినైన్ ఇదే దారిన నడుస్తుందని చాలామంది శాస్త్రజ్ఞుల మతమే అయినా, దానికి ఇతర దారులు కూడా వుండవచ్చు. పురుగుకు అవసరమైన మరొక ఎంజైముకు కూడా అది అతుక్కుంటుందని 2019లో బయటపడింది.

దీనివల్ల నా ఇరవై నాలుగు మాత్రల తప్పు ఏమిటో తెలిసింది. అప్పుడే కణంలో దూరిన పసి పురుగు ఇంకా పెద్దగా తినడం మొదలుపెట్టదు. తినని దానికి హీమ్ బాధా లేదు, అందుచేత క్వినైన్ భయమూ తక్కువే. అది పెరిగి తిండికి దిగినప్పుడే మందుకు దొరుకుతుంది. ఈ పుట్టుక నుంచి చీలిక దాకా 48 గంటల చక్రం. ఏడు రోజులంటే మూడున్నర చక్రాలు. ప్రతి చక్రంలోనూ కొన్ని చావగా కొన్ని మిగులుతాయి. జ్వరం తగ్గడానికి పురుగులన్నీ చావనక్కరలేదు, సంఖ్య తగ్గితే చాలు. నేను మూడు రోజులకే ఆపాను. మిగిలినవి కంటికి కనబడకుండా పెరిగి పదహారో రోజున తలుపు తట్టాయి.

మరి చెవి సంగతి? చెవికీ ఈ హీమ్ గొడవకూ ఏ సంబంధమూ లేదు. చెవి లోపల నత్తగుల్లవంటి భాగంలో సన్నని రోమాలున్న కణాలు వరసలుగా వుంటాయి. వాటిలో బయటి వరసలవి శబ్దానికి అనుగుణంగా సాగుతూ ముడుచుకుంటూ, చిన్న చప్పుడును పెద్దది చేసి అందిస్తాయి. క్వినైన్ ఆ సాగుడునూ ముడుపునూ మందగింపజేస్తుంది. చెవిలోని సన్నని రక్తనాళాలను కూడా బిగిస్తుంది. వినికిడి నరం నడతనూ మారుస్తుంది. సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు ముందుగా తప్పిపోతాయి. నాకు పట్టీల చప్పుడు వినిపించకపోవడానికి కారణం అదే. బయటి శబ్దం తగ్గిన చోట లోపలి మోత వినిపిస్తుంది. మందు ఒంట్లోంచి వెళ్ళిపోతే సాధారణంగా చెవులు యథాస్థితికి వస్తాయి. శాశ్వతంగా పోవడం అరుదు.

లీటరు రక్తరసంలో మందు సుమారు 5 మిల్లీగ్రాములు దాటితే ఈ మోత మొదలవుతుంది. ఫాల్సిపారానికి కావలసిన మోతాదు సాధారణంగా అంతకంటే ఎక్కువే. కనుక సరిగా మింగిన రోగికి చెవులు మోగడం వింత కాదు. నాయనమ్మ కాలపు కంపౌండరు రక్తపరీక్ష లేకుండానే మందు మోతాదును చెవితో కొలిచాడన్నమాట! ఆ మాటలో సగం నిజం వున్నది. చెవి మోత రక్తంలో మందు వున్నదని చెబుతుంది. పురుగు చచ్చిందని చెప్పదు. ఆ మాట చెప్పవలసింది మళ్ళీ తీసిన రక్తపు చుక్క ఒక్కటే.

కంపౌండరు కొలతలో మరో చిక్కు వున్నది. జబ్బులో వున్నప్పుడు క్వినైన్‌ను పట్టి వుంచే ఒక ప్రొటీను రక్తంలో పెరుగుతుంది; స్వేచ్ఛగా తిరిగే మందు తగ్గుతుంది. అందుచేత అదే మోతాదు ఆరోగ్యవంతుణ్ణి మరింత త్వరగా బాధిస్తుంది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయని ఎవరో చెప్పగా దీన్ని మింగేవాళ్ళు వుంటారు. వాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మోతకు తోడు చూపు మసకబారినా, గుండె దడ తప్పినా, చెమటలు పట్టి సొమ్మసిల్లినట్టున్నా అది తుమ్మెద కాదు, ప్రమాదం. క్వినైన్ రక్తంలో చక్కెరను కూడా పడగొట్టగలదు. అప్పుడు చేయవలసింది మాత్రలు సంచీలో దాచడం కాదు, వెంటనే డాక్టరుకు చెప్పడం.

ఇప్పుడు ఫాల్సిపారానికి ముందుగా ఇచ్చేవి ఆర్టెమిసినిన్ జాతి మందులు. క్వినైన్ అవసరం అరుదైపోయింది. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు అటక మీది పాత సంచీ దులిపితే, రేకు కాగితంలో రంగు మారిన మాత్రలు కనబడ్డాయి. లెక్కపెట్టాను. ఇరవై నాలుగూ వున్నాయి.