హల్దీ దూద్ చేసే మేలెంత?

బక్రీద్ మరునాడు మా ఇంట్లో భుజాలు, నడుము పట్టేయని వారుండరు. గంటల తరబడి మాంసం కోసి, పంచి, దేగ్‌చీలు తోమిన శ్రమ తెల్లవారాకే తెలుస్తుంది. అలవాటు లేని పనికి కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ నొప్పి రెండు మూడు రోజులు ముదిరి, దానంతటదే తగ్గుతుంది. అప్పుడు నానీ ఇచ్చే హల్దీ దూద్‌ను మేము కాదనము.

అయితే పరిశోధనలలో ఈ నొప్పిని కొంత తగ్గించినది ప్రధానంగా పసుపు నుండి తీసిన కర్క్యుమిన్. పసుపులో అది సుమారు 3 శాతమే. అర చెంచా, అనగా ఒకటిన్నర గ్రాముల పసుపు వేస్తే గ్లాసులో చేరేది 45 మిల్లీగ్రాములు. పరిశోధకులు ఇచ్చినది తరచుగా రోజుకు వందల మిల్లీగ్రాములు. పైగా అది రక్తంలోకి అంత తేలికగా చేరదు. మిరియాలు అందుకు తోడ్పడతాయి. కనుక నానీ చల్లే చిటికెడు మిరియాల పొడి వృథా కాదు. కండరాల మరమ్మతుకు కావలసిన మాంసకృత్తులు పాలలోనే ఉన్నాయి.

అలాగని పసుపు చెంచాలు పెంచడం మాకు సమ్మతం కాదు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా కర్క్యుమిన్ గుళికల జోలికి పోరాదు. నొప్పితోపాటు మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే పాలు కాచుతూ కూర్చోక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.