ఇంటి పెద్దలు తమ మాటగా పంపుకోగల సందేశం

ఈనాడు దాదాపు ప్రతి ఇంటికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో మనుమలు, మనుమరాళ్ళు రాస్తారు. దాదీలు, నానీలు, ఫూఫీలు, పెద్దనాన్నలు చదువుతారు. చదివినవారందరికీ అర్థమైందని రాసినవారు అనుకుంటారు. అర్థం కాని సంగతి పెద్దలు పైకి చెప్పరు, మౌనంగా ఊరుకుంటారు. హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన మా హయత్‌నగర్‌లో మాకు బంధువర్గం పెద్దది. నలభై మందికి పైగా ఉన్న మా కుటుంబ గ్రూపులో కొంతకాలం క్రితం మా అన్నగారి మనుమరాలు ఒక హెచ్చరిక పెట్టింది. మంచి ఉద్దేశంతో పెట్టిన ఆ హెచ్చరికను పెద్దలలో ఒక్కరూ మరొకరికి పంపలేదు. ఆ పిల్ల మా వద్దకు వచ్చి కారణమడిగింది. ఆమె, మేము కలిసి దానిని తిరిగి రాసిన తీరును ఇక్కడ వివరిస్తున్నాము.

ఆమె రాసినది ఇది: “గైస్ అలర్ట్! డిజిటల్ అరెస్ట్ స్కామ్ మళ్ళీ స్టార్ట్. మనవాళ్ళే విక్టిమ్. సీబీఐ, ఈడీ అని వీడియో కాల్ చేస్తారు. పానిక్ అవ్వకండి. ఓటీపీ షేర్ చేయొద్దు. బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టండి. పెద్దవాళ్ళూ, కాస్త అప్‌డేట్ అవ్వండి! పది గ్రూపులకు ఫార్వర్డ్ చేయడం మస్ట్!!!”

ఆమె చెప్పదలచిన విషయం చాలా ముఖ్యమైనది. పోలీసు దుస్తులు వేసుకున్న మోసగాళ్ళు వీడియో కాల్‌లో కనిపిస్తారు. మీ పేరు మీద మత్తుపదార్థాల పార్సిల్ పట్టుబడిందనో, మీ బ్యాంకు ఖాతాలో అక్రమ ధనం ఉందనో బెదిరిస్తారు. గదిలోనుంచి కదలవద్దని, ఎవరికీ చెప్పవద్దని, ఫోను కట్ చేయవద్దని గంటల తరబడి కూర్చోబెడతారు. చివరకు కేసు తేలేవరకు డబ్బు ఫలానా ఖాతాకు పంపమంటారు. మా బంధువులలో ఒక పెద్దాయనను ఇలాగే రెండు గంటలు గదిలో కూర్చోబెట్టారు. బజారుకు వెళ్ళిన కోడలు తిరిగి వచ్చి తలుపు తట్టడంతో డబ్బు దక్కింది. మనుమరాలి సందేశం వెనుక ఉన్న సంఘటన ఇదే.

తిరిగి రాయడానికి ముందు మేము ఒక పని చేయించాము. ఆ సందేశాన్ని మా ఆపా చేత బిగ్గరగా చదివించి, ఫోను పక్కన పెట్టించి, “ఇందులో ఏముంది ఆపా?” అని అడగమన్నాము. ఆపా తెలుగు నెమ్మదిగానైనా బాగానే చదవగలరు. ఆమె కాసేపు ఆలోచించి, “ఫోనులోనే అరెస్టు చేసే చట్టమేదో కొత్తగా వచ్చిందట కదా?” అన్నారు.

అసలు చిక్కు అక్కడ బయటపడింది. ‘డిజిటల్ అరెస్ట్’ అన్నది మోసగాళ్ళు పుట్టించిన మాట. మన దేశ చట్టంలో అలాంటి అరెస్టు లేదు. హెచ్చరిక ఆ మాటతోనే మొదలైతే, అలాంటిది ఒకటి ఉందన్న నమ్మకాన్ని మోసగాడికంటే ముందు మనమే పెద్దల మనసులో నాటినవాళ్ళమవుతాము. కనుక మొదటి వాక్యంలో మోసం పేరుకు బదులు నిజం ఉండాలని నిశ్చయించాము: పోలీసులు ఫోనులో ఎవరినీ అరెస్టు చేయరు. తరువాతి వాక్యాలు చదవకపోయినా ఈ ఒక్కటి చదివినవారికి రక్షణ దొరుకుతుంది. పైగా వాట్సాప్‌లో పొడవైన సందేశం సగంలో ఆగి, దాని కింద Read more అన్న మాట కనిపిస్తుంది. దానిని నొక్కాలని పెద్దలలో చాలామందికి తెలియదు. అందువల్ల ముఖ్యమైన మాట పైనే ఉండాలి, సందేశమంతా ఒక్క తెరలో ఇమడాలి.

రెండవ చిక్కు ‘ఓటీపీ షేర్ చేయొద్దు’ అన్న సలహాలో ఉంది. సలహా మంచిదే, కానీ ఈ మోసానికి అది మందు కాదు. ఇక్కడ బాధితుడు ఎవరికీ ఓటీపీ చెప్పనక్కరలేదు. భయపడి తానే బ్యాంకుకు వెళ్ళి తన చేతులతో డబ్బు పంపుతాడు. “నేను ఓటీపీ చెప్పలేదు కదా” అన్న ధీమాతోనే మోసపోవచ్చు. ‘రిపోర్ట్ కొట్టండి’ అన్నదీ ఇటువంటిదే. ఎవరికి, ఎక్కడ, ఎలా అన్నది అందులో లేదు. పెద్దలకు చెప్పే పని చేతితో చేయగలిగినదై ఉండాలి. రెండవ ప్రతిలో మనుమరాలు ‘పోలీస్ స్టేషన్‌కు వెళ్ళండి’ అని రాసింది. ఆపా అది విని, “ఒంటరిగా నేను ఠాణాకు పోగలనా బేటీ?” అన్నారు. దానిని తీసివేసి, ఆమె చేయగల రెండు పనులు పెట్టాము: ఫోను పెట్టేయడం, ఇంట్లో ఒకరికి చెప్పడం.

డబ్బు పోయినవారికి మాత్రం మూడవ పని ఒకటి ఉంది. సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ 1930 అనే ఒకే నంబరు ఉంది. అక్కడ ఫిర్యాదు నమోదైతే, డబ్బు ఇంకా ఖాతాలు మారుతున్న దశలో ఉన్నట్లయితే, బ్యాంకుల ద్వారా దానిని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. మోసగాడు డబ్బు తీసేసుకున్న తరువాత ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. అందుకే ‘ఆలస్యం చేయక’ అన్న మాట సందేశంలో తప్పనిసరి. “ఈ నంబరు నిజమైనదేనని ఎలా తెలుస్తుంది?” అని ఆపా అడిగారు. ఆమె సందేహం న్యాయమైనదే. దొంగ నంబర్లు కూడా ఇలాంటి సందేశాలలోనే తిరుగుతుంటాయి. పంపే ముందు దగ్గరలోని ఠాణాలో అడిగి సరిచూసుకొమ్మని మనుమరాలికి చెప్పాము. వార్త వస్తే విచారించుకొమ్మని సూరా హుజురాత్‌లో మనకున్న ఆజ్ఞ నంబర్లకు కూడా వర్తిస్తుంది. నీలిరంగు లింకు మాత్రం వద్దన్నాము. తెలియని లింకును ముట్టుకోవద్దని ఒకవైపు చెబుతూ మరొకవైపు మనమే లింకు పంపితే, పెద్దలు రెండు మాటలలో దేనిని నమ్మాలి?

అర్థం కావడం ఒక మెట్టు, పంపడానికి మనసొప్పడం మరొక మెట్టు. మా బావగారు చదువుకున్నవారు, ప్రభుత్వోద్యోగం చేసి విశ్రాంతి పొందినవారు. మొదటి సందేశం ఆయనకు పూర్తిగా అర్థమైంది. అయినా పంపలేదు. కారణమడిగితే ఇలా చెప్పారు: “మా సమ్‌ధీల గ్రూపులో ‘కాస్త అప్‌డేట్ అవ్వండి’ అని నేను పెడితే, వాళ్ళకు తెలివి లేదని నేనన్నట్టు కాదా? ‘మనవాళ్ళే విక్టిమ్’ అంటే ఎవరు, ఎంత పోయింది అని పది ఫోన్లు రావా? పది గ్రూపులకు పంపితీరాలన్న మాట పుకార్లలోనే చూశాను.”

ఆయన చెప్పిన మూడు కారణాలకూ మూడు సవరణలు చేశాము. ‘మీరు’ అని ఉపదేశించే చోట ‘మనకు’ అని మార్చాము. అలా మారిస్తే వియ్యాలవారికి పంపినా చిన్నతనం ఉండదు. బంధువు ప్రస్తావన పూర్తిగా తొలగించాము. తోటివాని లోపాన్ని కప్పి ఉంచడం మన ధర్మం, పైగా పేరు లేనంత మాత్రాన హెచ్చరిక బలం తగ్గదు. పంపితీరాలన్న ఒత్తిడిని తీసివేసి, ఆ స్థానంలో పంపేవారి పేరు, తేదీ ఉంచాము. తేదీ లేని సందేశం ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. చాలా చేతులు మారిన సందేశం మీద వాట్సాప్ Forwarded many times అన్న గుర్తు వేస్తుంది, 2020 ఏప్రిల్ నుండి అలాంటి దానిని ఒకసారికి ఒక్కరికే పంపనిస్తుంది. ఆ గుర్తు చూసి పెద్దలు సందేహించడం మంచిదే. కనుక మా సందేశాన్ని ఎవరికివారు తమ పేరు రాసుకొని, తాము ఎరిగినవారికి మాత్రమే పంపమన్నాము.

చివరికి నిలిచిన రూపం ఇది:

“అస్సలాము అలైకుమ్. పోలీసులు ఫోనులో ఎవరినీ అరెస్టు చేయరు. మన దేశంలో అలాంటి చట్టం లేదు. పోలీసు దుస్తుల్లో ఎవరైనా వీడియో కాల్‌లో కనిపించి ‘మీ మీద కేసు ఉంది, ఎవరికీ చెప్పకండి, డబ్బు పంపండి’ అంటే అది మోసం. మనకు అలాంటి ఫోను వస్తే వెంటనే పెట్టేద్దాం. ఇంట్లో ఒకరికి చెప్దాం. చెప్పినందుకు ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయక *1930* కు ఫోను చేద్దాం.” కింద పేరు, తేదీ. నంబరుకు రెండు వైపులా చుక్క గుర్తులు పెడితే వాట్సాప్‌లో అది లావు అక్షరాలలో కనిపిస్తుంది.

మా ఫూఫీ తెలుగు చదవలేరు. ఆమె వంటివారి కోసం ఇదే సందేశాన్ని ఆపా తన గొంతుతో దక్కనీలో చెప్పి పంపారు: “ఫోన్ పొ పోలీసువాలే కిసీకో అరెస్ట్ నై కర్తే” అని మొదలుపెట్టి, ఒక నిమిషంలోపు ముగించారు. తెలిసిన గొంతుకు ఉండే విలువ వేరు. 2018లో పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న పుకార్లు వాట్సాప్‌లో చెలరేగినప్పుడు, జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన సిబ్బందిని గ్రామాలకు పంపి, డప్పు చాటింపుతో, జానపద పాటలతో నిజం చెప్పించారు. ఊరివారు ఏ రూపంలో మాట వినడానికి అలవాటు పడ్డారో ఆ రూపంలోనే నిజం వారి వద్దకు వెళ్ళింది.

ఫలితాన్ని ఎన్ని చోట్లకు వెళ్ళిందన్న లెక్కతో మేము కొలవలేదు. నాలుగు రోజుల తరువాత, సందేశం చూపకుండానే మనుమరాలు ఆపాను అడిగింది: “దాదీ, అలాంటి ఫోను వస్తే ఏం చేస్తారు?” ఆపా తడుముకోకుండా, “పెట్టేస్తాను, కోడలికి చెప్తాను” అన్నారు. నంబరు గుర్తు లేదు, కానీ అది ఫోనులో ఎక్కడుందో చూపించారు. అంతకంటే ఎక్కువ మేము ఆశించలేదు. బావగారు కూడా ఈసారి తన పేరు రాసి సమ్‌ధీల గ్రూపులో పెట్టారు.

ఆయనను ఒప్పించిన వాక్యం ఏదని అడిగితే, “చెప్పినందుకు ఇంట్లో ఎవరూ ఏమీ అనరు” అన్నదేనన్నారు. ఈ మోసమంతా ‘ఎవరికీ చెప్పకండి’ అన్న ఆజ్ఞ మీద నిలబడి ఉంది. అవతల మోసగాడి భయం, ఇవతల కొడుకులు, కోడళ్ళు చీవాట్లు పెడతారన్న భయం. ఈ రెంటి మధ్య పెద్దవారు నోరు మూసుకుంటారు. మొదటి భయాన్ని సందేశం తీర్చగలదు. రెండవదాన్ని తీర్చవలసినది ఇంటివారే. అందుకే ఆ వాక్యాన్ని పంపేముందు ఇంట్లోని యువకులందరినీ కూర్చోబెట్టి చదివించాము. రేపు ఏ దాదీ అయినా ఫోను పెట్టేసి, వణుకుతూ గదిలోనుంచి బయటికి వస్తే, ఆమెకు ముందుగా మంచినీళ్ళు ఇవ్వాలని, ‘ఎందుకు ఎత్తావు?’ అన్న ప్రశ్న అడగరాదని వారి చేత మాట తీసుకున్నాము.