ఒకే కొలువు.. ఇద్దరు పిలిస్తే?

ఒకే సంబంధాన్ని ఇద్దరు పెళ్లిళ్ల పేరయ్యలు పట్టుకొచ్చారనుకోండి. అమ్మాయి తండ్రి ఇద్దరికీ జాతకం ఇచ్చేశాడు. ఇద్దరూ ఒకే రోజు మగపెళ్లివారి గుమ్మం తొక్కారు. రేపు పెళ్లి కుదిరితే కమీషన్ ఎవరికివ్వాలి? ఆ తగవు మనకెందుకని మగపెళ్లివారు జాతకాన్నే పక్కన పెట్టేస్తారు. అమ్మాయిలో ఏ లోపమూ లేదు. అయినా సంబంధం తప్పిపోయింది.

అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగాలు వెతుక్కునే మనవాళ్లకు ఈ తంటా బాగా తెలుసు. దాన్ని 'డబుల్ సబ్మిషన్' అంటారు. ఒకే అభ్యర్థి రెజ్యూమె ఒకే ఉద్యోగానికి రెండు ఏజెన్సీల ద్వారా చేరడమన్నమాట. కొన్ని కంపెనీలు ముందు వచ్చినదాన్ని ఉంచుకుని రెండోదాన్ని తీసేస్తాయి. కొన్ని ఇద్దరినీ అడిగి, అభ్యర్థి రాతపూర్వక అనుమతి ఎవరి దగ్గరుంటే వారిదే చెల్లుతుందంటాయి. చాలాచోట్ల ఆ గొడవంతా ఎందుకని రెండింటినీ తిరస్కరిస్తారు. విషాదమేమిటంటే అభ్యర్థికి ఆ సంగతి చాలాసార్లు తెలియనే తెలియదు. ఫోను రాదు, అంతే!

నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరంలో ఉంటున్న ఓ గుంటూరు ఆడపడుచు ఈ గండాన్ని ఎలా దాటిందో చూద్దాం. ఆమె డేటా టెస్టింగ్ చేసేది. బాబు పుట్టాక నాలుగేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు హెచ్-4 ఈఏడీ మీద మళ్లీ ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. నాలుగేళ్ల విరామం ఉన్న రెజ్యూమెను చూసి ఎవరైనా పిలవడమే గగనం. అలాంటిది ఓ మంగళవారం నాడు రెండు పిలుపులొచ్చాయి. షార్లెట్ బ్యాంకుల ఊరు. ఈ పనికి అక్కడ గిరాకీ ఉంది.

ఉదయం పదింటికి న్యూజెర్సీ నుంచి మొదటి రిక్రూటర్. ఓ పెద్ద బ్యాంకులో డేటా టెస్టర్ పని, 12 నెలల కాంట్రాక్టు, గంటకు 52 డాలర్లు. బ్యాంకు పేరు చెప్పాడు. తర్వాత 'రైట్ టు రిప్రజెంట్' మెయిల్ పంపాడు. ఫలానా ఉద్యోగానికి నా తరఫున రెజ్యూమె పంపే హక్కు మీకే ఇస్తున్నానని అభ్యర్థి ఒప్పుకునే చిన్న కాగితం అది. మనవాళ్లు పొట్టిగా 'ఆర్‌టీఆర్' అంటారు. అందులో కంపెనీ పేరు, ఉద్యోగం పేరు, జాబ్ ఐడీ, ఊరు, గంట రేటు, తేదీ ఉండాలి. ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా సంతకం చేసిన ఖాళీ చెక్కుతో సమానం. ఆమె అన్నీ సరిచూసుకుని పదకొండున్నరకల్లా 'ఒప్పుకుంటున్నాను' అని జవాబిచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి రెండో ఫోను. అటువైపు హైదరాబాద్‌లో అప్పటికి రాత్రి పదకొండున్నర. అమెరికా ఏజెన్సీలకు అక్కడి నుంచి రాత్రిళ్లు పనిచేసే కుర్రాళ్లలో ఒకడు.

''మేడమ్, షార్లెట్‌లో డైరెక్ట్ క్లయింట్ దగ్గర మంచి పొజిషన్ ఉంది. 56 ఇప్పిస్తాం. రెజ్యూమె పంపిస్తే ఇప్పుడే సబ్మిట్ చేసేస్తా.''

''క్లయింట్ ఎవరండీ?''

''పెద్ద ఫైనాన్షియల్ క్లయింట్ మేడమ్. పేరు తర్వాత చెప్తాం.''

చాలామంది జారిపడేది ఇక్కడే. 'సరే, పంపండి' అని నోరు జారితే అవతలివాడు దాన్నే అనుమతి కింద లెక్కేసుకుంటాడు. పేరు దాచడానికి రిక్రూటర్ కారణాలు రిక్రూటర్‌కున్నాయి. చెబితే అభ్యర్థి నేరుగా అక్కడికే వెళ్లిపోతాడేమోనని భయం. కానీ పేరు తెలియకపోతే ఇది ఉదయం వచ్చిన ఉద్యోగమో కాదో తేల్చుకునే దారి లేదు. అందుకే ఆమె ఒక్కటే మాట అంది. ''ఇవాళే ఇంకొకరికి ఆర్‌టీఆర్ ఇచ్చాను. క్లయింట్ పేరు, జాబ్ ఐడీ మెయిల్ చేయండి. రెండూ వేరైతే వెంటనే రెజ్యూమె పంపుతాను. అప్పటిదాకా నా పేరు ఎక్కడికీ పంపొద్దు.'' ఫోను పెట్టేశాక అదే మాట మెయిల్లోనూ రాసింది. నోటిమాటకు సాక్ష్యం ఉండదు కదా.

నంబర్లు వేరైతే ఉద్యోగాలు వేరా?

కాసేపటికి మెయిల్ వచ్చింది. బ్యాంకు అదే. జాబ్ ఐడీ మాత్రం వేరు! ఇంకేం, రెండూ వేర్వేరు ఉద్యోగాలని ఎవరైనా సంబరపడతారు. ఆమె తొందరపడలేదు. రెండు వివరాలూ పక్కపక్కన పెట్టి చదివింది. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి, ఆరేళ్ల అనుభవం ఉండాలి, ఇన్ఫర్మాటికా, టెరాడేటా తెలిసి ఉండాలి. రెండింటిలోనూ అవే షరతులు, అదే వరసలో. చివరి వాక్యంలో ఓ అక్షరదోషం ఉంటే అది కూడా రెండింట్లోనూ ఉంది!

అసలు కిటుకు నంబర్లలోనే ఉంది. పెద్ద కంపెనీలు కాంట్రాక్టు ఉద్యోగాలను ఫీల్డ్‌గ్లాస్, బీలైన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో పెడతాయి. అక్కడ ఆ ఉద్యోగానికి ఓ నంబరు పడుతుంది. అక్కడి నుంచి ప్రైమ్ వెండర్లకు, వాళ్ల నుంచి చిన్న ఏజెన్సీలకు ఆ వివరాలు చేరతాయి. ఒక్కో ఏజెన్సీ తన లెక్క కోసం తన సొంత నంబరు తగిలిస్తుంది. రిక్రూటర్ చెప్పేది ఆ సొంత నంబరే కావచ్చు. కాబట్టి 'జాబ్ ఐడీ ఎంత' అని అడిగితే చాలదు. 'క్లయింట్ సిస్టమ్‌లో ఉన్న నంబరు ఎంత' అని అడగాలి. ఆమె ఇద్దరినీ అదే అడిగింది. రెండు జవాబులూ ఒకటే నంబరు. అనుమానం తీరిపోయింది.

మరి కంపెనీవాళ్లు ఎలా పట్టేస్తారు? రెజ్యూమె ఎక్కించేటప్పుడు అభ్యర్థి పేరుతో పాటు పుట్టిన నెల, తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగంకెలు అడిగే పద్ధతి చాలాచోట్ల ఉంది. అవి కలిస్తే సాఫ్ట్‌వేరే గంట కొడుతుంది. రెజ్యూమెలో పేరు కాస్త మార్చి రాసినా లాభం లేదు. పైగా మోసం చేసిందన్న మచ్చ మిగులుతుంది. ఆ వంకతో మొత్తం నంబరో, పాస్‌పోర్టు కాపీయో ఎవరైనా అడిగితే మాత్రం ఇవ్వనక్కర్లేదు. రెజ్యూమె పంపడానికి వాటితో పనిలేదు.

నాలుగు డాలర్ల పరీక్ష

విషయం తెలియగానే రెండో రిక్రూటర్ గొంతు మారింది. 'మేడమ్' కాస్తా 'అక్కా' అయింది. ''అక్కా, వాళ్లు మధ్యలో ఉండే సబ్ వెండర్లు. మీ రెజ్యూమె ఇంకా బ్యాంకుదాకా వెళ్లి ఉండదు. మాకైతే నేరుగా ఒప్పందం ఉంది. 56 వదులుకుంటారా?''

లెక్క వేస్తే నాలుగు డాలర్లు తక్కువేం కాదు. వారానికి 40 గంటలంటే 160 డాలర్లు. 50 వారాలు పనిచేస్తే 8 వేల డాలర్లు. నాలుగేళ్లుగా సంపాదన లేని మనిషికి అది చిన్న మొత్తమా? పైగా ఆ కుర్రాడు చెప్పిన దాంట్లో ఒక ముక్క నిజం కావడానికి ఆస్కారముంది. 'సబ్మిట్ చేశాం' అని రిక్రూటర్ అంటే ప్రైమ్ వెండర్‌కు పంపామని కావచ్చు, బ్యాంకు సిస్టమ్‌లో ఎక్కించామని కావచ్చు. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఆమె మొదటి రిక్రూటర్‌కు మెయిల్ పెట్టింది. దాని సారాంశం ఇదీ. 'ఈ ఉద్యోగానికే ఇంకో ఏజెన్సీ పిలిచింది. అనుమతి మీకు మాత్రమే ఇచ్చానని వాళ్లకు చెప్పాను. నా రెజ్యూమె క్లయింట్ సిస్టమ్‌లో ఏ తేదీన, ఎన్ని గంటలకు ఎక్కిందో రేపు సాయంత్రం ఐదింటిలోగా తెలియజేయండి. అప్పటికి ఎక్కించకపోతే నా అనుమతిని వెనక్కి తీసుకోవాలనుకుంటున్నాను. అప్పుడు ఇక పంపబోమని మీరు రాసివ్వాలి.'

రెండో ఆయనకు ఇలా రాసింది. 'ఇదే ఉద్యోగానికి ఇప్పటికే వేరే సంస్థకు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాను. దయచేసి నా రెజ్యూమె పంపకండి. పరిస్థితి మారితే రేపు సాయంత్రం నేనే చెబుతాను. వేరే ఉద్యోగాలుంటే తప్పకుండా పిలవండి.' గమనించండి, ఆమె ఇద్దరికీ నిజమే చెప్పింది. కానీ మొదటి ఏజెన్సీ పేరును రెండోవారికి గానీ, రెండోవారి రేటును మొదటివారికి గానీ చెప్పలేదు. పేరు బయటపెడితే ఏజెన్సీలు ఒకరి మీద ఒకరు ఫిర్యాదులకు దిగొచ్చు. అడకత్తెరలో పోకచెక్కయ్యేది అభ్యర్థే.

గడువు పెట్టడంలోనే ఉంది తెలివంతా. మొదటివారు సిస్టమ్‌లో ఎక్కించేస్తే ఇక ఆ ఉద్యోగానికి సంబంధించినంత వరకు మాట ముగిసినట్టే. 56 కాదు, 60 ఇస్తామన్నా వినకూడదు. ఎక్కించకపోతే దారి మార్చుకోవచ్చు. కానీ వరస తప్పకూడదు. ముందు అనుమతి వెనక్కి తీసుకుంటూ మెయిల్, తర్వాత 'సరే, పంపబోం' అని అటునుంచి జవాబు, ఆ తర్వాతే రెండోవారికి ఆర్‌టీఆర్. మధ్యలోని జవాబు కోసం ఆగకుండా రెండోవారికి ఒప్పుకుంటే రెండు రెజ్యూమెలూ దారిలో ఎదురుపడే ప్రమాదం ఉంది.

బుధవారం మధ్యాహ్నం జవాబొచ్చింది. ఉదయం 9.40కి రెజ్యూమె బ్యాంకు సిస్టమ్‌లో ఎక్కిందని, ప్రైమ్ వెండర్ పంపిన ధ్రువీకరణను కూడా జతచేశారు. ఆమె హైదరాబాద్ కుర్రాడికి వెంటనే చెప్పేసింది. ''తమ్ముడూ, వాళ్లది వెళ్లిపోయింది. ఇక మీరు పంపితే ఇద్దరికీ నష్టమే.'' అతను కాస్త నొచ్చుకున్నా అర్థం చేసుకున్నాడు. వారం తిరక్కుండానే ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఈ జాగ్రత్త ఎవరినైనా అక్కడిదాకానే తీసుకెళ్తుంది. ఆపైన చదువూ, అనుభవమూ మాట్లాడాలి.

అడక్కుండానే పంపేస్తే?

జాబ్ పోర్టల్లో దొరికిన రెజ్యూమెను అభ్యర్థికి చెప్పకుండానే పంపేసే ఏజెన్సీలూ లేకపోలేదు. అలా రెండుసార్లు వెళ్లిందని తెలిస్తే దాచకూడదు. అనుమతి ఎవరికిచ్చారో ఆ ఏజెన్సీకి ఆర్‌టీఆర్ మెయిల్ మళ్లీ పంపి, క్లయింటుకు చూపించమనాలి. రెండోవారిని రెజ్యూమె ఉపసంహరించుకోమని రాతపూర్వకంగా కోరాలి. అయినా కంపెనీ రెండింటినీ కొట్టేయొచ్చు. ఆ కాగితం ఉంటే కనీసం తప్పు ఎవరిదో తేలుతుంది.

మన హైదరాబాద్‌లోనూ ఈ పేచీ ఉంది, కాకపోతే రూపం వేరు. ఇక్కడ పర్మనెంటు ఉద్యోగాల్లో కన్సల్టెన్సీకి కంపెనీ ఇచ్చే ఫీజు ఏడాది జీతంలో కొంత శాతంగా ఉంటుంది. నెల జీతమంత, అంటే 8.33 శాతం, అనేది బాగా వాడుకలో ఉన్న లెక్క. ఒకే మనిషికి ఏ కంపెనీ రెండుసార్లు ఫీజు కట్టదు. అందుకే ఈమెయిల్, ఫోన్ నంబర్లతో పోల్చి 'డూప్లికేట్ ప్రొఫైల్' అని పక్కన పెడతారు. ఒక కన్సల్టెన్సీ పంపిన రెజ్యూమె మీద ఆరు నెలలో, ఏడాదో వాళ్ల హక్కు నడుస్తుంది. ఇంతకుముందు కంపెనీ వెబ్‌సైట్లో సొంతంగా దరఖాస్తు చేసినా, అక్కడ పనిచేసే బావగారు రిఫరల్ ఇచ్చినా అది కూడా ఒక సబ్మిషనే. కన్సల్టెన్సీ వాళ్లు పిలిచినప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలి.

షార్లెట్ అమ్మాయి ఇప్పుడో చిన్న పట్టిక రాసుకుంటోంది. తేదీ, కంపెనీ, క్లయింట్ సిస్టమ్ నంబరు, ఏజెన్సీ, రేటు, సిస్టమ్‌లో ఎక్కిన సమయం.. ఆరే గడులు. ఫోను మోగితే ముందు ఆ పట్టిక తెరుస్తుంది, తర్వాతే 'హలో' అంటుంది.