షుగర్ పడిపోయినప్పుడు పక్కనున్నవాళ్లు

కార్తీక సోమవారాలు వస్తున్నాయంటే నాకు భయం. ఉపవాసం ఉంటూ ఇన్సులిన్ మాత్రం మానకుండా వేసుకునే వాళ్లు ఆ నెలలో ఆసుపత్రికి వస్తూనే ఉంటారు.

అలా వచ్చినవాళ్లలో ఒకాయన రిటైరైన మాస్టారు. రోజూ పొద్దున, రాత్రి తినబోయే ముందు 30/70 మిక్స్‌డ్ ఇన్సులిన్ వేసుకుంటారు. ఆ సోమవారం ఏడింటికి అలవాటుగా 24 యూనిట్లు వేసుకుని, టిఫిన్ తినకుండా గుడికి వెళ్లారు. పదిన్నరకు తిరిగొచ్చి వరండాలో కూర్చున్నారు. చల్లగాలి వీస్తున్నా చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే చేతులు వణికి నీళ్లు ఒలికాయి. భార్య "ఏమైందండీ?" అని అడిగితే "నాకేం కాలేదు, నువ్వు లోపలికి పో" అని కసిరారు. ఆ మనిషి ఎన్నడూ అలా విసుక్కోడట. కాసేపటికి మనవణ్ని కొడుకు పేరుతో పిలిచారు.

మా దగ్గరికి తెచ్చేసరికి గ్లూకోమీటర్‌లో 38 ఉంది. మాట అర్థం చేసుకునే స్థితిలో లేరు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ వంద మిల్లీలీటర్లు నరంలోకి ఎక్కించాం. కొద్ది నిమిషాల్లోనే కళ్లు తెరిచి, ఇక్కడికెందుకు తెచ్చారని అడిగారు.

ఆయన భార్య అన్న మాట నన్ను బాధపెట్టింది. "పంచదార నీళ్లు ఇద్దామనిపించింది డాక్టర్ గారూ. అసలే షుగరు మనిషి, ఇంకా పెరుగుతుందేమోనని ఆగిపోయాను." ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పంచదార డబ్బా ఆయనకు అందకుండా దాచిన చెయ్యి అది. ఆ పంచదారనే ఆయన నోటికి అందించాల్సిన వేళ కూడా ఒకటి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్ మనం తిన్నామా లేదా అని చూడదు, దాని పని అది చేసుకుపోతుంది. రక్తంలో గ్లూకోజ్ 70 కంటే తగ్గుతుంటే శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. చెమటలు, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి దాని వల్లే. 54 కంటే దిగితే మెదడుకు ఇంధనం చాలదు. అప్పుడు మాట తడబడుతుంది, కోపం వస్తుంది, తాగినవాడిలా ప్రవర్తిస్తారు. "నాకేం కాలేదు" అంటున్నది ఆ ఇంధనం చాలని మెదడే. అందుకని ఆ మాట నమ్మకండి, ఒప్పుకునేదాకా బతిమాలుతూ కూర్చోకండి. ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో, బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లలో దడ, వణుకు సరిగా తెలియవు. ప్రవర్తనలో తేడాయే మొదట కనిపించవచ్చు.

గ్లూకోమీటర్ చేతికందేలా ఉంటే చూడండి. వేలికి తీపి అంటుకుని ఉంటే అంకె ఎక్కువగా చూపిస్తుంది, కడిగి తుడిచి పొడవండి. మీటర్ లేకపోతే దానికోసం ఆగొద్దు. మనిషి మింగగలిగితే మూడు టీస్పూన్ల నిండుగా గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. సుమారు 15 గ్రాములవుతుంది. మైసూర్‌పాక్, చాక్లెట్ పెట్టొద్దు, నెయ్యీ కొవ్వూ ఉంటే చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. వోగ్లిబోస్ లాంటి మాత్రలు కూడా వాడుతుంటే పంచదార తొందరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. 70 దాటకపోతే ఇంకో విడత ఇవ్వండి. దాటాక ఇడ్లీయో అన్నమో తినిపించాలి, లేదంటే మళ్లీ పడిపోతుంది. రెండు మూడు విడతలకీ కోలుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

స్పృహ తప్పినా, మింగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇంట్లో గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉండి, వేయడం నేర్చుకున్న వాళ్లుంటే వేయండి.

మాస్టారు మధ్యాహ్నానికి తేరుకుని ఇంటికి పంపమన్నారు, నేను పంపలేదు. మిక్స్‌డ్ ఇన్సులిన్‌లో 70 శాతం నెమ్మదిగా, గంటల తరబడి పనిచేసేది. పైగా రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంది. కిడ్నీ మందగిస్తే ఇన్సులిన్ త్వరగా బయటికి పోదు, పాత డోసే ఎక్కువైపోతుంది. ఉపవాసం చెడుతుందని అన్నం వద్దని, ఒక్క అరటిపండుతో సరిపెట్టుకున్నారు. రెండు గంటలకు మళ్లీ 64 వచ్చింది. ఈసారి గ్లూకోజ్ నీళ్లు ఆమే కలిపి తాగించింది, ఆ తర్వాత ఆయన అన్నం తిన్నారు. సాయంత్రం పంపేటప్పుడు డోసు తగ్గించి రాశాను. ఉపవాసం ఉండాలనుకుంటే రెండు రోజుల ముందే వచ్చి, ఆ రోజుకి ఎన్ని యూనిట్లో అడిగి వెళ్లమన్నాను.