రాత్రి రెండింటి చుట్ట

మా అత్తగారిది భీమిలి దగ్గర ఊరు. అక్కడి పాతకాలం ఆడవాళ్లలో చాలామందిలాగే ఆవిడా అడ్డపొగ తాగుతారు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. సముద్రపు గాలికి ఆరిపోకుండా అంటారు, పని చేసుకుంటూ తాగొచ్చంటారు. విశాఖ, శ్రీకాకుళం తీరంలో ఇది ఆడవాళ్ల అలవాటే ఎక్కువ. పొగాకు అనగానే మగవాళ్ల సంగతి అనుకునేవాళ్లకి ఇది వింతగా ఉంటుంది.

గాజువాకలో మా ఇంటికి వచ్చాక ఆవిడ చుట్టలు రోజుకి నాలుగుకి తగ్గాయి. ఆ నాలుగింటిలో ఒకటి మాత్రం రాత్రి రెండింటికి. పడుకునే ముందు తొమ్మిదిన్నరకి ఒకటి తాగుతారు, పదింటికి పడుకుంటారు, రెండు దాటగానే లేచి పెరట్లోకి వెళ్లి ఇంకోటి వెలిగిస్తారు.

"చుట్ట నేకపోతే నాకు నిద్దర పట్టదమ్మా" అనేవారు. చూస్తే నిజంలాగే ఉండేది. తాగి వచ్చాక పావుగంటలో గురక వినిపించేది.

మొన్న సంక్రాంతి తర్వాత పన్ను నొప్పి అని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ పన్ను సంగతి పక్కన పెట్టి అంగిలి చూశారు. అంగిలంతా తెల్లగా మందంగా మారింది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. నిప్పు సెగ, పొగ రెండూ సూటిగా తగిలేది అక్కడే. అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని, ఇంకా అంతదాకా రాలేదనిపిస్తున్నా చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలని చెప్పారు. పరీక్షలో క్యాన్సర్ లేదు. కానీ చుట్ట మానకపోతే ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేమన్నారు.

పగలు మూడూ మానడం ఆవిడకి పెద్ద కష్టం కాలేదు. రాత్రి రెండింటిదే పట్టుకుంది. ఎందుకో డాక్టరు చెప్పిన లెక్క నాకు బాగా అర్థమైంది. నికోటిన్ మత్తుమందు కాదు, మెలకువ తెప్పించేది. గుండె వేగం పెంచుతుంది, గాఢనిద్రని తగ్గిస్తుంది. ఒంట్లో చేరిన నికోటిన్ సుమారు రెండు గంటలకి సగమవుతుంది. తొమ్మిదిన్నరకి తాగితే పదకొండున్నరకి సగం, ఒకటిన్నరకి పావు. అలవాటుపడ్డ మెదడు అప్పుడు "ఏది నాది?" అని తట్టి లేపుతుంది. రెండింటి చుట్ట నిద్ర ఇవ్వడం లేదు, ముందు చుట్ట తెచ్చిన వెలితిని పూడుస్తోంది అంతే. తెల్లారేసరికి మళ్లీ అదే వెలితి.

వేపింగ్ పరికరాలకీ ఇదే లెక్క. మన దేశంలో 2019లోనే వాటిని నిషేధించినా, పిల్లల దగ్గర కనిపిస్తూనే ఉన్నాయి. చుట్ట అయిపోతే తెలుస్తుంది. అది దిండు కింద ఉంటే ఎన్నిసార్లు పీల్చారో వాళ్లకే తెలియదు.

డాక్టరు జబ్బకి అంటించే నికోటిన్ ప్యాచ్ రాసిచ్చారు. పొద్దున్న స్నానమయ్యాక అంటించాలి, రోజూ చోటు మార్చాలి. మొదటి మూడు రాత్రులు ఇరవై నాలుగు గంటలూ ఉంచితే అత్తగారికి ఒకటే కలలు, పోయినవాళ్లంతా వచ్చి పలకరించారట. డాక్టరుని అడిగితే అది ప్యాచ్ వల్లేనని, పడుకునేముందు తీసేయమన్నారు. తీసేస్తే కలలు తగ్గాయి కానీ తెల్లవారుజామున కోరిక గట్టిగా వచ్చేది. రెంటిలో ఏది భరించగలరో వాళ్లే తేల్చుకోవాలి. ఆవిడ తీసేయడానికే మొగ్గారు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పనిది. పొగ తాగేవాళ్ల లివరు టీ, కాఫీల్లోని కెఫీన్‌ని త్వరగా అరగదీస్తుంది. పొగ మానితే ఆ వేగం తగ్గి, అదే టీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అది పొగ పని, నికోటిన్‌ది కాదు. అందుకే ప్యాచ్ ఉన్నా తేడా రాదు. రోజుకి నాలుగు గ్లాసుల టీని రెండు చేసి, రెండోది మధ్యాహ్నం మూడులోపే ఇచ్చాను. మొదట ముఖం మాడ్చుకున్నారు.

పాల లెక్క రాసే క్యాలెండరులోనే ఆవిడ లేచిన రాత్రులకి గీతలు పెట్టాను. మొదటి వారం రాత్రికి మూడు, నాలుగు. చుట్ట తాగిన రోజులకంటే ఎక్కువే! "మానేసినందుకే నిద్దర పోయింది సూడు" అని నన్ను దెప్పారు కూడా. చాలామంది మళ్లీ వెలిగించేది ఈ వారంలోనే అట. లేచినప్పుడు పెరటి తలుపు దగ్గరికి పోనివ్వకుండా గోరువెచ్చని నీళ్లిచ్చి, కాసేపు కబుర్లు చెప్పేదాన్ని. దీపం పెద్దది వేసేదాన్ని కాదు. రెండో వారం రెండుకి, నాలుగో వారానికి ఒకటికి దిగాయి. ఆ ఒక్కటీ బాత్రూముకే.

గురక మాత్రం పోలేదు. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడితే అది వేరే జబ్బు, పరీక్ష చేయించాలన్నారు. ఆవిడకి అలా లేదు.

మొన్న అంగిలి చూపించడానికి వెళ్తే ఎర్ర చుక్కలు తగ్గాయి, తెలుపు కొంచెం పలచబడింది. మళ్లీ మూడు నెలలకి రమ్మన్నారు. ప్యాచ్ మోతాదు వచ్చే వారం నుంచి తగ్గించాలి.